అప్‌డేట్: ప్రెసిషన్ హాఫ్-వేవ్ రెక్టిఫైయర్ సమస్య తీరింది

నా ప్రశ్న: "741 ఆప్-ఆంప్, ఒక 1ఎన్4148 డయోడ్, ±12 వోల్ట్‌ల సప్లై. 100 మిల్లీవోల్ట్‌ల సైన్ వేవ్ 100 హెర్ట్జ్ దగ్గర బాగుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతి అరవేవ్ మొదటి భాగం ఎగిరిపోతోంది. డయోడ్ డ్రాపేనా?"

కాదు. షాట్కీ డయోడ్ పెట్టినా ఏ తేడా రాలేదు. ఫీడ్‌బ్యాక్‌ను డయోడ్ తర్వాత నుంచి తీసుకుంటాం కాబట్టి, ఆ 0.6 వోల్ట్‌లను ఆప్-ఆంప్ తన ఔట్‌పుట్‌లో అదనంగా ఇచ్చేస్తుంది. ఇన్‌పుట్ వైపు కనిపించేది 0.6ను ఓపెన్-లూప్ గెయిన్‌తో భాగిస్తే వచ్చేదే. గెయిన్ లక్ష ఉంటే 6 మైక్రోవోల్ట్‌లు.

స్లూ రేట్, అంటే ఔట్‌పుట్ ఎంత వేగంగా మారగలదో, చూడమన్న వారికి థాంక్స్, అసలు దొంగ అదే. నెగటివ్ అరవేవ్‌లో డయోడ్ ఆఫ్, లూప్ తెగిపోతుంది, ఆప్-ఆంప్ ఔట్‌పుట్ అయిన పిన్ 6 సుమారు -10.5 వోల్ట్‌లకు పడిపోతుంది. మళ్లీ +0.6కి ఎక్కాలంటే 741కి మైక్రోసెకనుకు 0.5 వోల్టే, అంటే 22 మైక్రోసెకన్లు. అరవేవ్ మొత్తం 50!

ఇప్పుడు ఇన్వర్టింగ్ పద్ధతి, టీఎల్071: ఇన్‌పుట్‌కు 10కె, ఫీడ్‌బ్యాక్‌కు 10కె, రెండు డయోడ్లు. రెండో డయోడ్ ఆనోడ్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ అయిన పిన్ 2కు, క్యాథోడ్ పిన్ 6కు. దాంతో లూప్ ఎప్పుడూ తెగదు, పిన్ 6 దాదాపు ±0.6 మధ్యే తిరుగుతుంది. ఔట్‌పుట్ మాత్రం మొదటి డయోడ్ క్యాథోడ్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కలిసేచోట తీసుకోవాలి. పిన్ 6 మీద ప్రోబ్ పెడితే డ్రాప్ అలాగే కనిపించి కంగారు పెడుతుంది.