పది రోజుల బాబుకు రొమ్ములు ఉబ్బాయి, పిండవచ్చా?

తొలికాన్పు: మా బాబుకు ఐదో రోజు నుండి రెండు రొమ్ములూ గోళీకాయంత గట్టిపడ్డాయి. నిన్న ఎడమ వైపు పాలవంటి చుక్క కనిపించింది. పిండేస్తే తగ్గుతుందని ఇంట్లో పెద్దవారు పట్టుబడుతున్నారు. ముక్కు మీద తెల్లని పొక్కులు, ఎక్కిళ్ళు, తుమ్ములు కూడా ఉన్నాయి. మగపిల్లవాడికి ఇలా రావడం సహజమేనా?

ఎక్కిళ్ళతో_వేగినవాడు: మా పాప రోజుకు ఐదారుసార్లు ఎక్కిళ్ళు పెడుతుంటే నేను రాత్రులు నిద్రపోలేదు. కడుపులో ఉన్నప్పుడే ఆ ఎక్కిళ్ళు నా భార్యకు తెలిసేవన్న సంగతి తర్వాత గాని గుర్తు రాలేదు. పాలు తాగుతూ హాయిగా ఉంటే వాటిని వదిలేయండి.

ఇద్దరు_పిల్లల_తల్లి: అది తల్లి హార్మోన్ల ప్రభావం. మీ పాలలోంచే బిడ్డకు వెళుతున్నాయి కాబట్టి కొన్నాళ్ళు పాలు మాన్పించి చూడండి. మా ఇద్దరికీ పిండాము, ఏమీ కాలేదు.

శిశువార్డు_నర్సు: పాలు మాన్పించవద్దు. పద్నాలుగేళ్ళుగా ఈ వార్డులోనే పనిచేస్తున్నాను. డబ్బాపాలు మాత్రమే తాగే పిల్లలకూ, ఆడ మగ తేడా లేకుండా, ఇది వస్తుంది. గర్భంలో ఉండగా మాయ ద్వారా అందిన ఈస్ట్రోజెన్ పుట్టగానే పడిపోతుంది, అప్పటిదాకా దాని అదుపులో ఉన్న ప్రోలాక్టిన్ అనే పాలు ఊరించే హార్మోన్ బిడ్డలో పని మొదలుపెడుతుంది. అందుకే వాపు పుట్టినరోజున కాక మూడు నాలుగు రోజులకు కనిపిస్తుంది. తాకకుండా వదిలేస్తే చాలామందికి కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి: అనుభవంతో చెప్పిన మాటను అంత తేలికగా కొట్టిపారేయకండి. పిల్లలను పెంచింది నేను, వార్డు కాదు.

చీముగడ్డ_చూసినవాడు: అమ్మా, మీ పిల్లలకు ఏమీ కాకపోవడం అదృష్టమే. మా అమ్మాయికి మూడు రోజులు పిండారు. పన్నెండో రోజుకు కుడివైపు మాత్రమే ఎర్రబడి, వేడెక్కి, తాకితే కెవ్వుమనేది. జ్వరం లేదని ఒక రోజు ఆగాము, అదే మేము చేసిన తప్పు. ఆసుపత్రిలో చేర్చి, నరం ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చి, చీము తీయవలసి వచ్చింది. పెద్దయ్యాక ఆ వైపు ఎదుగుదల ఎలా ఉంటుందోనన్న బెంగ నాకింకా పోలేదు.

శిశువార్డు_నర్సు: ఆయన చెప్పిందే గుర్తు. రెండు వైపులా ఒకేలా, నొప్పి లేకుండా, చర్మం మామూలు రంగులో ఉంటే భయం లేదు. ఒకే వైపు ఎరుపు, వేడి, నొప్పి కనిపిస్తే జ్వరం కోసం ఎదురుచూడకుండా అదే రోజు చూపించాలి. ఈ వయసులో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఇతర లక్షణాలేవీ లేకున్నా వెంటనే తీసుకువెళ్ళాలి.

మొటిమల_పాప_నాన్న: మరి బుగ్గల మీద ఎర్రటి మొటిమలకు నూనె రాయవచ్చా? మా పాపకు మూడో వారంలో మొదలయ్యాయి.

తొలికాన్పు: ఇప్పుడే చూశాను, రెండు వైపులా ఒకేలా ఉన్నాయి, ఎరుపు లేదు. మీరు రాసినది ఇంట్లో చదివి వినిపించాను. అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు గాని, స్నానం చేయించే పని ఇకపై నేనే చేస్తాను.