హైదరాబాద్‌లో పెళ్లి: ప్యాకేజీ మేలా, హాలు వేరు వంట వేరు మేలా?

పలాస అన్నయ్య:
మా చెల్లి పెళ్లి మాఘంలో, హైదరాబాద్‌లో. ఆ ఊరు మాకు కొత్త. ఒక హాలు వాళ్లు భోజనంతో కలిపి ప్లేటు 1,300, పన్నుతో సహా, కనీసం 500 ప్లేట్లు అంటున్నారు. ఇంకో హాలు అద్దె 2,50,000, క్యాటరర్‌ని మనమే తెచ్చుకోవచ్చట. ప్లేటు 600కి చేసేవాళ్లు దొరికారు. ముహూర్తం రాత్రి 11.40కి. ఏది తీసుకోమంటారు?

నిజాంపేట సుజాత:
కళ్లు మూసుకుని ప్యాకేజీ తీసుకో తమ్ముడూ. పప్పు అడుగంటినా, ఏసీ ఆగినా అడగడానికి ఒక్క మనిషే ఉంటాడు. విడివిడిగా పెట్టుకుంటే నీళ్లు రాలేదని వంటవాళ్లు, ఎక్కువ వాడేశారని హాలువాళ్లు. మధ్యలో మీ నాన్నగారికి టెన్షన్.

గరిటె మేస్త్రి:
నేను ఈ ఊళ్లోనే క్యాటరింగ్ చేస్తాను, కాబట్టి నా మాట కాస్త తగ్గించుకునే వినండి. ప్లేటు రేటు తర్వాత, ముందు ఎంతమంది వస్తారో తేల్చుకోండి. సొంత ఊళ్లో పెళ్లయితే శుభలేఖ అందుకున్న ఇల్లంతా కదులుతుంది. పలాస నుంచి ఇక్కడికంటే ఇంటికి ఒకరో ఇద్దరో వస్తారు.

400 మందే వచ్చారనుకోండి. ప్యాకేజీకి కనీసం 500 అని సంతకం పెట్టారు కాబట్టి 6,50,000 కట్టాల్సిందే. అందులో 1,30,000 రానివాళ్ల భోజనానికి. రెండో హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం పడుతుంది, 2,95,000 అవుతుంది. 400 భోజనాలు, వాటి మీద 5 శాతం కలిపి 2,52,000. బయటి క్యాటరర్ వస్తే చాలా హాళ్లు రాయల్టీ అడుగుతాయి, 50,000 వేసుకోండి. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ కలిపి 40,000. మొత్తం 6,37,000. ఇంత తిరిగితే మిగిలేది 13,000. అదే 500 మందీ వస్తే ఇది 7,00,000కి చేరుతుంది, ప్యాకేజీయే చవక.

అందుకే బేరం ఆడాల్సింది ప్లేటు రేటు మీద కాదు, ఆ 500 మీద. సంఖ్యను పెళ్లికి వారం ముందు ఖాయం చేస్తామని రాయించండి. లెక్క ఎలా కడతారో కూడా అడగండి. బఫేలో వాడిన ప్లేట్లు లెక్కేస్తారు, ఒకే మనిషి రెండో ప్లేటు తీసుకుంటే రెండు. వడ్డన మొదలవకముందు పేర్చిన ప్లేట్లు ఎన్నో మీ మనిషి నిలబడి రాసుకోవాలి, చివర్లో మిగిలినవి తీసేయాలి. ఫొటోగ్రాఫర్లు, బ్యాండువాళ్లు, డ్రైవర్లు తిన్నవీ అందులోకే వస్తాయి.

పెనుగొండ బాబాయ్:
ఈ తలనొప్పంతా ఎందుకు, మా అబ్బాయి పెళ్లి అన్నవరం కొండ మీద చేసేశాం. సత్యదేవుడి ప్రసాదంతో సహా హాయిగా అయిపోయింది.

పలాస అన్నయ్య:
బాబాయ్ గారూ, అబ్బాయి వాళ్లు కూకట్‌పల్లి దాటి రామంటున్నారు.

భీమవరం రాజు:
అడ్వాన్స్ గురించి మాత్రం భయపడకండి. పెళ్లి వాయిదా పడితే మొత్తం తిరిగివ్వాల్సిందే, చట్టం ఉంది. 1915కి ఫోన్ కొడితే చాలు.

కోర్టు మెట్లు:
మొత్తం ఇచ్చి తీరాలని లేదండి. రసీదు వెనక షరతు ఏముంది, మీరు ఎన్ని రోజుల ముందు చెప్పారు, ఆ తేదీకి హాలు వేరేవాళ్లకు ఇచ్చారా, ఇవన్నీ చూస్తారు. ఇంకొకరికి ఇచ్చుకుని మీ డబ్బు కూడా ఉంచుకుంటే వినియోగదారుల కమిషన్‌లో మీ వాదన గట్టిది. 1915 వాళ్లు ఫిర్యాదు తీసుకుని అవతలివాళ్లకు పంపిస్తారు, తీర్పు చెప్పరు. అడ్వాన్స్ నగదుగా ఇచ్చి తెల్ల కాగితం మీద రాయించుకుంటే ఇవన్నీ నిరూపించుకోవడం కష్టం. హాలు పేరున్న ఖాతాకే పంపండి.

గరిటె మేస్త్రి:
ముహూర్తం సంగతి ఎవరూ అడగలేదు. సాయంత్రం స్లాట్ అంటే చాలా చోట్ల 11కో 12కో ఖాళీ చేయాలి. 11.40కి జీలకర్ర బెల్లం పెడితే తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి రెండు దాటుతుంది. ఆ తర్వాత గంటకు ఎంతో ఇప్పుడే కాగితం మీద పెట్టించండి, ఆ రాత్రి బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు, బరాత్‌కి డీజే మాట్లాడుకుని ఉంటే చూసుకోండి.

నిజాంపేట సుజాత:
13,000 కోసం ఇంత పేచీ ఎందుకని మళ్లీ అడుగుతున్నా.

పలాస అన్నయ్య:
ప్యాకేజీ వాళ్లతో ఇప్పుడే మాట్లాడాను అక్కా. 450కి దిగారు, కానీ ప్లేటు 1,350 చేశారు. పైగా రాత్రి 12 దాటితే గంటకు 15,000 అట, అది ముందు చెప్పనే లేదు. నాన్న ఇంకా ప్యాకేజీయే అంటున్నారు. రెండో హాలువాళ్లు రాయల్టీ ఎంతో సోమవారం చెప్తామన్నారు.