పై దవడ పన్ను మీద ఉండేది మొనా, బొడిపా?

రాఘవ
అందరికీ నమస్కారం. మా ఊరి హైస్కూల్ సైన్స్ ల్యాబుకి ప్లాస్టర్ పళ్ళ నమూనాలు వచ్చాయి. ఒక్కోటి పిడికిలంత ఉంది. వాటి కింద పెట్టే చీటీలు తెలుగులో రాసే పని నాకు తగిలింది. పై దవడ మొదటి చర్వణకం, రెండో చర్వణకం అనేంత వరకు పాఠ్యపుస్తకాల్లోనే ఉంది, ఇబ్బంది లేదు. పన్ను నమిలే ముఖం మీద ఎత్తుగా లేచి ఉండే వాటిని ఇంగ్లీషులో కస్ప్ అంటారు కదా, దానికి ఏం రాయాలి? ముందు "మొన" అని రాశాను. కానీ వేలితో తడిమి చూస్తే ఎక్కడా గుచ్చుకోదు, మొద్దుగా ఉంది.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఈ రెండు నమూనాల మీద ఉన్న అంకెలు చెరిగిపోయాయి. ఒకటి మొదటిది, ఒకటి రెండోది అని మాత్రం పెట్టె మీద ఉంది. రెండింటికీ మూడేసి వేర్లు, నాలుగేసి కస్ప్‌లు. ఏది ఏదో తెలిసినవాళ్ళు చెప్పండి.

వెంకటలక్ష్మి
మొన అంటే సూది మొన, బాణం మొన. కోరపన్నుకి సరిపోతుంది, దవడ పన్నుకి కుదరదు. "బొడిపె" అనండి. మొద్దుగా, గుండ్రంగా లేచి ఉన్నదాన్ని అనడానికి అంతకన్నా మంచి మాట ఏముంది? శిఖరం అని రాసేవాళ్ళూ ఉన్నారు కానీ పంటి మీద శిఖరం అంటే నాకైతే నవ్వొస్తుంది.

సతీష్
మాట సంగతి తర్వాత. లెక్క సులువండి. పై మొదటి చర్వణకానికి ఐదు కస్ప్‌లు, రెండోదానికి నాలుగు, జ్ఞానదంతానికి మూడు. ఎంట్రన్స్ కోచింగ్‌లో ఇలాగే చెప్పారు. మీ రెండింటికీ నాలుగే ఉంటే రెండూ రెండో చర్వణకాలే, పెట్టె మీద తప్పు వేసి ఉంటారు.

పద్మ
మూడు వేర్లే అని ఎలా రాస్తారండీ? నాకు పై ఎడమవైపు ఈ పన్నుకే రూట్ కెనాల్ చేశారు. క్యాప్ కూడా వేశారు, అయినా వేడి తగిలితే సలుపు పోలేదు. వేరే చోట చూపించుకుంటే "నాలుగోది వదిలేశారు" అన్నారు. మళ్ళీ క్యాప్ తీసి, మళ్ళీ మొదట్నుంచీ. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. కాబట్టి నాలుగు వేర్లు అని రాయండి, పిల్లలకి సరిగ్గా తెలియాలి.

హరిత
నేను దంతవైద్యురాలిని, కొన్నేళ్ళు విద్యార్థులకి పళ్ళ నిర్మాణం పాఠం చెప్పాను. ముందు పద్మగారి మాట. మీకు వదిలేసింది వేరు కాదండీ, వేరులోపలి కాలువ. ఈ పన్నుకి వేర్లు మూడే: బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి. బుగ్గ వైపు రెండింటిలో ముందున్నది పక్క నుంచి చూస్తే సన్నగానే ఉంటుంది, కానీ బుగ్గ నుంచి అంగిలి దిశగా చాలా వెడల్పు. పలకలా అణిగి ఉంటుంది. ఆ వెడల్పు వల్ల అందులో ఒక కాలువ బదులు రెండు ఏర్పడతాయి. మొదటి చర్వణకాల్లో సగానికి పైగా ఇలాగే ఉంటాయి. రెండో కాలువ నోరు సన్నది, పైన డెంటిన్ అంచు కప్పేసి ఉంటుంది, వెతికితే గానీ కనపడదు. మామూలు ఎక్స్‌రేలో రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీతలా ఉంటాయి. అంగిలి వైపు వేరు మూడింటిలోకి పొడవైనది, వెనుక బుగ్గ వేరు పొట్టిది.

రాఘవగారూ, చీటీలో "మూడు వేర్లు" అనే ఉంచండి. కాలువల గొడవ స్కూలు పిల్లలకి వద్దు.

సతీష్‌గారు చెప్పిన ఐదోది ఉందిగానీ అందరికీ ఉండదు. ముందు అంగిలి కస్ప్ పక్క గోడకి, అంగిలి వైపున, చిన్న ఉబ్బు వస్తుంది. వియన్నాలో దంతవైద్యుడు కారబెల్లి 1842లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే నిలిచిపోయింది. కొందరికి చక్కగా లేచి ఉంటుంది, కొందరికి ఓ గాడి, ఇంకొందరికి చిన్న గుంట, చాలామందికి నున్నగా ఏమీ ఉండదు. అది నమిలే ఎత్తు దాకా రాదు, అందుకే ఐదో కస్ప్‌గా లెక్కపెట్టి పన్నుని గుర్తుపట్టడం ప్రమాదం. ఉంటే మొదటిదని అనుమానించవచ్చు. లేదని మొదటిది కాదనలేం.

సతీష్
అంటే రెండోదానికి నాలుగు అన్నది కూడా తప్పేనా?

హరిత
అది సగం నిజం. రెండోదానికి కూడా ఎక్కువగా నాలుగే ఉంటాయి. కొందరికి మూడే. తేడా లెక్కలో కన్నా నాలుగోదాని సైజులో ఉంది.

పై దవడ పన్నుని నమిలే వైపు నుంచి చూడండి. ముందు బుగ్గ, వెనుక బుగ్గ, ముందు అంగిలి, ఈ మూడూ ఒక త్రిభుజం. పన్నుకి అసలు ఆధారం ఇదే. వీటిలో ముందు అంగిలిది అన్నిటికన్నా పెద్దది. దాని నుంచి వెనుక బుగ్గదాని దాకా ఐమూలగా ఒక గట్టు పోతుంది. ఆ గట్టుకి అవతల, వెనుక అంగిలి మూలలో విడిగా కూర్చున్నది నాలుగోది. పరిణామంలో తర్వాత చేరింది కూడా ఇదే, పళ్ళ వరసలో వెనక్కి పోయేకొద్దీ ముందు తగ్గిపోయేది కూడా ఇదే. మొదటి చర్వణకంలో అది దిట్టంగా ఉంటుంది. రెండోదానిలో కుంచించుకుపోతుంది, ఒక్కోసారి పూర్తిగా పోయి మూడే మిగులుతాయి. అప్పుడు పన్ను పైనుంచి చూస్తే గుండె బొమ్మలా ఉంటుంది.

ఇప్పుడు మీ నమూనాలు రెండూ అంగిలి వైపు నుంచి చూడండి. దేనికి అంగిలి వైపు వెడల్పు బుగ్గ వైపుకి తీసిపోకుండా ఉంది? దేనికి అంగిలి వైపు సన్నబడింది? ఆ తర్వాత వేర్లు చెప్పండి.

మల్లేశ్
ఐమూల గట్టు! హరితగారూ, ఈ ఒక్క మాట కోసం ఈ థ్రెడ్ దాచుకుంటాను. "తిర్యక్ శిఖ" అని ఏదో నోట్సులో చూశాను, ఎంత బరువుగా ఉందో. మా వైపు పొలానికి ఉండేది గట్టే, ఐమూలగా కొట్టేది దారే. పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. చర్వణకం కూడా తీసేసి దవడపన్ను అని రాస్తే పోదా?

వెంకటలక్ష్మి
దవడపన్ను అంటే అగ్రచర్వణకాలు కూడా అందులోకే వస్తాయి కదా వాడుకలో. పరీక్షలో చర్వణకం అనే అడుగుతారు. రెండూ రాయండి.

రాఘవ
చూశాను. ఒకదానికి (గుర్తు కోసం "క" అంటాను) అంగిలి వైపు బాగా వెడల్పుగా ఉంది. వెనుక అంగిలి కస్ప్ పక్కదానికన్నా కొంచెమే చిన్నది. రెంటి మధ్య గాడి అంగిలి గోడ మీదకి కూడా దిగింది. వేర్లు మూడూ బాగా చాపి ఉన్నాయి, అంగిలిది లోపలికి ఎక్కడికో పోయింది. కారబెల్లి లాంటిది ఏదీ కనపడలేదు.

రెండోది, "గ". నాలుగోది ఉందిగానీ చిన్న గుండులా ఉంది. ఐమూల గట్టు ఉంది, కాని "క" అంత తేటగా లేదు. వేర్లు దగ్గరదగ్గరగా, మూడూ వెనక్కి వాలినట్టు ఉన్నాయి. బుగ్గ వైపు రెండూ దాదాపు అంటుకున్నాయి.

హరిత
"క" మొదటిది, "గ" రెండోది. ఇక అనుమానం లేదు. వేర్లు చాపి ఉండడం మొదటిదాని లక్షణం. రెండోదానికి దగ్గరగా చేరి వెనక్కి వాలతాయి, కలిసిపోవడం కూడా దానిలోనే ఎక్కువ. నిజమైన పన్నులో "క" నమిలే ముఖం ముందూ వెనుకా కొలిస్తే సుమారు 10 మిల్లీమీటర్లు, బుగ్గ నుంచి అంగిలికి 11. రెండోది ముందూ వెనుకా దగ్గర దగ్గర 9. అంటే సైజు తేడా ఒక్క మిల్లీమీటరే, ఒంటిగా ఓ పన్ను చేతికిస్తే కొలతతో తేల్చడం కష్టం.

కుడా ఎడమా కూడా చీటీలో రాయాలంటే నమిలే ముఖం మీవైపు తిప్పండి. ఒంటి వేరున్నది అంగిలి వైపు, జంట వేర్లున్నది బుగ్గ వైపు. చిన్నబడిన నాలుగో కస్ప్ ఉన్న వైపు వెనుక, దాన్ని కిందికి పెట్టి ముందు వైపుని పైకి పెట్టండి. ఇప్పుడు బుగ్గ వైపు మీ ఎడమ చేతి దిక్కున వస్తే అది కుడి పన్ను. ఎదురుగా కూర్చున్న మనిషి నోట్లోకి చూస్తున్నాం కాబట్టి తిరగబడుతుంది.

పద్మ
నాలుగో కాలువ సంగతి ఇప్పుడు అర్థమైంది, థాంక్సండీ. మరి పెద్దవాళ్ళకి అరిగిపోయిన పళ్ళుంటాయి కదా, మా అత్తగారికి పన్ను మీద ఏ ఎత్తూ లేదు, పళ్ళెంలా చదును. అప్పుడెలా తెలుస్తుంది?

హరిత
మంచి ప్రశ్న. మొదటిది ఆరో ఏట వస్తుంది, రెండోది పన్నెండో ఏట. అంటే మొదటిది ఆరేళ్ళు ఎక్కువ అరుగుతుంది. కస్ప్‌లు పోయాక పైభాగం చూసి చెప్పడం దండగ, అంచు ఆకారం, వేర్లు మిగులుతాయి. వేర్లు కూడా కలిసిపోయి ఉంటే, ఒంటి పన్ను చేతిలో పెట్టి చెప్పమంటే నేను కూడా "బహుశా" అనే అంటాను. నోట్లో ఉంటే మాత్రం వరస లెక్కపెట్టడమే.

ఇంకొకటి, ఆరో ఏట వచ్చేటప్పుడు దాని చోట ఏ పాలపన్నూ ఊడదు, పాలపళ్ళ వెనకాల కొత్తగా మొలుస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళు పాలపన్ను అనుకుని పుచ్చినా పట్టించుకోరు. చీటీలో ఈ ఒక్క ముక్క రాయండి రాఘవగారూ.

రాఘవ
తప్పకుండా. ఇక మిగిలింది మొదటి ప్రశ్నే. ఇప్పుడైతే ఇలా అనుకుంటున్నాను: నమిలే ముఖం మీద నాలుగూ "మొన", పక్క గోడ మీది కారబెల్లిది "బొడిపె". పేర్లు ముందు బుగ్గ మొన, వెనుక బుగ్గ మొన, ముందు అంగిలి మొన, వెనుక అంగిలి మొన. వేర్లు మూడే కాబట్టి వాటికి ముందు బుగ్గ వేరు, వెనుక బుగ్గ వేరు, అంగిలి వేరు అంటే సరిపోతుంది.

వెంకటలక్ష్మి
మొనకి నేను ఒప్పుకోను. మీ వేలికే గుచ్చుకోలేదన్నారు.

హరిత
అరగక ముందు, కొత్తగా వచ్చిన పన్నుని తాకి చూడండి లక్ష్మిగారూ, వేలికి బాగానే తెలుస్తుంది. పైగా మా క్లినిక్‌లో బొడిపె అంటే పేషంటు గడ్డ అనుకుని హడలిపోతాడు. నా ఓటు మొనకే.

వెంకటలక్ష్మి
పేషంట్లు హడలిపోతారని స్కూలు పిల్లలకి ఇంకో మాట నేర్పుతామా?

మల్లేశ్
ముందూ వెనుకా అనేది దవడపళ్ళకి సరే. ముందు కొరికే పళ్ళకి వచ్చేసరికి ఏది ముందు, ఏది వెనుక? ఆ చీటీల మీద ఏం రాస్తున్నారు రాఘవగారూ?

రాఘవ
వాటి పెట్టె ఇంకా తెరవలేదండీ.