కనుమ మీద 90 సెకన్ల వీడియో: సమానంగా సమయం ఇస్తే సరిపోతుందా?

తిరుపతి విద్యార్థిని (ప్రశ్న): కనుమ నాడు చిత్తూరు వైపు, కోనసీమలో, తెలంగాణలో ఏం చేస్తారో చూపిస్తూ 90 సెకన్ల వీడియో చేస్తున్నాను. ఎవరి ఆచారం గొప్ప అనే పోటీ రాకూడదు. తలా 30 సెకన్లు ఇస్తే చాలదా?

చంద్రగిరి మాస్టారు: చాలునమ్మా. అందరికీ ఒకే కొలత వేసినప్పుడు పక్షపాతం చూపారని ఎవరూ అనలేరు. ముందు ఎవరు, వెనుక ఎవరు అనే పేచీ రాకుండా అకారాది క్రమంలో కోనసీమ, చిత్తూరు, తెలంగాణ అని పెట్టేయండి.

అమలాపురం ఆడపడుచు, తిరుపతి కోడలు: మాస్టారూ, వరుస సంగతి ఒప్పుకుంటాను కానీ, సెకన్లు సమానమైనంత మాత్రాన చూపు సమానం కాదండీ. పెళ్లిళ్ల వీడియోలు కూర్చే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మా కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం పట్టపగలు జరుగుతుంది. 11 ఊళ్ల శివుళ్లు, అంటే రుద్రులు, వెదురుతో కట్టిన ప్రభల మీద కొబ్బరితోటకు వస్తారు, గంగలకుర్రు ఊరి ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ నీళ్లలోంచి దాటిస్తారు, దాన్ని డ్రోన్‌తో తీసినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ చిత్తూరు వైపు కంప పోగేసి పెట్టే చిట్లాకుప్పను వెలిగించేది పొద్దు వాలాక, తీసేది ఫోనుతో, కనిపించేది పొగ. రెండింటినీ చెరో 30 సెకన్లు పక్కపక్కన పెడితే ఒకటి ఉత్సవంగానూ మరొకటి చెత్త తగలబెట్టినట్టుగానూ కనిపిస్తుంది. పైగా రెండూ ఒకే రోజు కాబట్టి మీరే రెండుచోట్లా తీయలేరు, ఒకదానికి పరాయి దృశ్యాలే దిక్కు.

అందుకని ప్రాంతం వారీగా కాకుండా పని వారీగా కూర్చండి. మొదట చేతులు మాత్రమే: ప్రభకు వెదురు కట్టే చేతులు, ఎద్దు కొమ్ములకు రంగు పూసే చేతులు. తరువాత ఊరు దాటి వెళ్లే దారి: అక్కడ దేవుణ్ణి తోటకు మోసుకుపోతారు, ఇక్కడ పశువులను వాటి దేవుడు కాటమరాజు దగ్గరికి తోలుకుపోతారు. దగ్గరి దృశ్యం పక్కన దగ్గరిదే, దూరపు దృశ్యం పక్కన దూరపుదే ఉండాలి. అయ్యాక శబ్దం తీసేసి, సంగతి తెలియనివాళ్లకు చూపించి, ఏది పెద్ద పండుగలా ఉందని అడగండి. అందరూ ఒకదాన్నే చూపిస్తే మీ వ్యాఖ్యానం ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా లాభం లేదు.

పలమనేరు పాడిరైతు: వీడియో తీస్తామని మా ఊరికి ఒకాయన వచ్చి, కుప్ప ఆరిపోయాక మళ్లీ వెలిగించమని అడిగినాడు, మేము ఒప్పుకోలేదు. అసలు చూడాల్సింది పొద్దున్నే ఉంటుంది. నేరేడు, మద్ది వంటి చెక్కలు, ఆకులు తెచ్చి, ఎండబెట్టి, ఉప్పు దండిగా వేసి రోట్లో దంచుతాము, దాన్ని ఉప్పుచెక్క అంటాము. చేదుకు ఏ ఆవూ తినదు కాబట్టి, ఒకరు నోరు తెరిచి పట్టుకుంటే ఇంకొకరు పిడికెడు లోపలికి తోస్తారు. ఆ తరువాతే వాగులో కడగడం, కొమ్ములకు రంగులు. సాయంత్రం కాటమరాజు దగ్గర పొంగలి పెట్టి, పొలి అనే ఆ పొంగలిని చేలల్లో చల్లుతూ “పొలి, పొలి” అని అరుచుకుంటూ పోతాము. ఇంతకీ కొమ్ములకు పలకలు కట్టి ఎద్దులను వదిలితే కుర్రాళ్లు మీదపడి ఆ పలకలు లాక్కునేది కూడా వీడియోలో పెడతావా, పెట్టవా?

వరంగల్ నుంచి తిరుపతికి చదువుకు వచ్చినవాడు: నా అభ్యంతరం వేరు. మా ఇంట్లో సంక్రాంతి అంటే సకినాలు, పతంగులు, ఆడవాళ్ల నోములు. కనుమను కొలబద్దగా పెట్టుకున్నప్పుడే మా వాటా 30 సెకన్లు ఖాళీ అయిపోయాయి. ఆ ఖాళీని నింపడానికి “అక్కడ అంతగా చేయరు” అంటారు. మరి బతుకమ్మను కొలబద్దగా పెడితే చిత్తూరు సంగతి ఏమిటి?

చంద్రగిరి మాస్టారు: చేయనిదాన్ని చేయరని చెప్పడం తక్కువ చేయడం ఎలా అవుతుంది, నాయనా? అది వాస్తవం.

అమలాపురం ఆడపడుచు, తిరుపతి కోడలు: వాస్తవమే కానీ, మాస్టారూ, ఒక్క ప్రాంతాన్ని మాత్రమే లేనివాటితో పరిచయం చేస్తున్నారు. మా కోనసీమలో చిట్లాకుప్ప లేదని ఆ వీడియోలో ఎవరూ చెప్పరు కదా! సంక్రాంతి మూడు రోజులనూ తీసుకుంటే నోములకు చోటు దొరుకుతుంది, కానీ 90 సెకన్లలో నిదానంగా చదివితే 150 మాటలకు మించి పట్టవు. కనుమ ఒక్కటే కావాలనుకుంటే రెండు ప్రాంతాలతో ఆపి, శీర్షికలోనే ఆ మాట చెప్పండి.

చంద్రగిరి మాస్టారు: తెలంగాణను వదిలేస్తే మాత్రం చిన్నచూపు కాదా? నాకు ఇది మింగుడు పడటం లేదు.

తిరుపతి విద్యార్థిని: ప్రస్తుతానికి కోనసీమ, చిత్తూరు రెండే తీసుకుని, “రెండు ఊళ్ల కనుమ” అని పేరు పెడతాను, నోములను విడిగా చేస్తాను. పలకల ఎద్దుల సంగతి మాత్రం తేల్చుకోలేకపోతున్నాను, అన్నా. పెడితే 5 సెకన్లయినా చూసేవాళ్లకు అదే గుర్తుండిపోయి ఉప్పుచెక్క మరుగున పడుతుంది, పెట్టకపోతే మా వైపు కనుమలో సగం దాచినట్టు అవుతుంది.

పలమనేరు పాడిరైతు: పెట్టు, కానీ చివర్లో పెట్టకు.