బిల్లు కోసం తీసుకున్న నంబర్లు యాడ్స్‌లో ఎక్కించవచ్చా?

గాజువాక_చీరలు: మాది చీరల షాపు. బిల్లింగ్‌లో 6,200 మంది నంబర్లున్నాయి. శ్రావణమాసం యాడ్స్‌కి వాటిని ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటాలో కస్టమ్ ఆడియన్స్‌గా, అంటే యాడ్ ఎవరికి చూపించాలో చెప్పే లిస్టుగా ఎక్కిద్దామని మా యాడ్స్ అబ్బాయి అంటున్నాడు. వాళ్లు నంబరిచ్చింది బిల్లు మెసేజ్ కోసం. నాకు మనసొప్పడం లేదు. ఎవరైనా చేశారా?

బీచ్‌రోడ్డు_యాడ్స్: టెన్షన్ వద్దండీ. నంబర్లు మన బ్రౌజర్‌లోనే హ్యాష్ అయ్యాక, అంటే చూస్తే నంబరు తెలియని కోడ్‌గా మారాక వెళ్తాయి. ఇక పర్మిషన్‌తో పనేముంది? డేటా చట్టానికి కూడా ఇంకా గడువుంది.

ఎంవీపీ_కాలనీ: హ్యాష్ అవడం నిజమే. కానీ మెటా తన యూజర్ల నంబర్లనీ అలాగే హ్యాష్ చేసి, రెండూ పోల్చి మనిషిని గుర్తుపడుతుంది. మనం ఎక్కించేదే అందుకు కదా! దారిలో నంబరు బయటపడదు, అంతవరకే. ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాదు. గడువు మాటకొస్తే, ఆ డేటా చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలలిచ్చారు. కానీ ఈ డేటా వాడే హక్కు మనకుందని అప్‌లోడ్ చేసేటప్పుడే మెటా షరతులకు ఒప్పుకుంటున్నాం.

డాబాగార్డెన్స్‌లో ఒక చెప్పుల షాపుకి నేనే చేశాను. 4,000 నంబర్లలో ఆఫర్లూ యాడ్సూ చూపించండని విడిగా టిక్ పెట్టినవాళ్లు 900 మందే. వాళ్లనే ఎక్కించాను. మొదటిసారి దాదాపు ఎవరూ మ్యాచ్ కాలేదు. ఫైల్ తెరిచి చూస్తే ఎక్సెల్ నంబర్లన్నిటినీ 9.19E+11 లాంటి రూపంలోకి మార్చేసింది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి, బిల్లింగ్ నుంచి మళ్లీ తెచ్చి, ముందు 91 ఉందో లేదో చూసి ఎక్కిస్తే కుదిరింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒకావిడ "నా నంబరు తీసేయండి" అంటే కౌంటర్‌లో తీసేశారు. యాడ్ మాత్రం వస్తూనే ఉంది. బిల్లింగ్‌లో తీసేస్తే మెటాలో ఎక్కించిన లిస్టులోంచి దానంతటది పోదు. అప్పటినుంచి వద్దన్నవాళ్ల ఫైలు ప్రతి సోమవారం అదే ఆడియన్స్‌లో, తీసేసే ఆప్షన్‌తో ఎక్కిస్తున్నాను.

మద్దిలపాలెం_ల్యాబ్: మాది ల్యాబండీ. షుగర్ టెస్టు చేయించుకున్నవాళ్లకి ప్యాకేజీ యాడ్ వేద్దామనుకున్నాం. మాకూ ఇంతేనా?

ఎంవీపీ_కాలనీ: దయచేసి వద్దు. ఆ లిస్టులో పేరుంటేనే జబ్బు సంగతి చెప్పేసినట్టు. ఆరోగ్య సమాచారం పంపకూడదని మెటా షరతుల్లోనే ఉంది. మీరు ఊరినీ వయసునీ బట్టి మామూలు యాడ్ వేసుకోండి.

గాజువాక_చీరలు: రేపటినుంచి బిల్లు దగ్గర టిక్ విడిగా అడుగుతాం, తెలుగులోనే. మరి పాత 6,200 మందికి "ఒప్పుకుంటారా" అని ఒక్క మెసేజ్ పంపితే తప్పా?

బీచ్‌రోడ్డు_యాడ్స్: అడగడానికేగా, పంపండి.

ఎంవీపీ_కాలనీ: బిల్లుకిచ్చిన నంబరుకి ఆ మెసేజ్ కూడా వేరే పనే అనిపిస్తుంది నాకు. నేనైతే మళ్లీ షాపుకొచ్చినప్పుడే అడుగుతాను. లాయర్‌ని అడిగినవాళ్లుంటే చెప్పండి.