అప్‌డేట్: పైలింగ్‌కు ముందు పగుళ్ల సర్వే, చివరికి ఏమైంది

నా ప్రశ్న: "సీతమ్మధారలో మా పక్క స్థలంలో పైలింగ్, అంటే పునాది కోసం భూమిలోకి లోతుగా స్తంభాలు దించే పని, మొదలుపెట్టబోతున్నారు. మా ఇంటి గోడల్లో ఇప్పటికే పగుళ్లున్నాయి. రేపు గొడవ రాకుండా ఏం చేయాలి?"

సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బిల్డర్ మనిషిని పక్కన ఉంచుకుని స్ట్రక్చరల్ ఇంజనీరుతో సర్వే చేయించమన్న సలహానే మమ్మల్ని కాపాడింది. ఆయన ప్రతి పగులుకూ నంబరు వేసి, కొన దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాశారు. పగులు వెడల్పు కొలిచే గేజీని ఆనించి ఫోటోలు తీశారు. నివేదికలో ప్రతి పేజీపైనా ఇరుపక్షాల సంతకాలు తీసుకున్నారు.

పైలింగ్ అయ్యాక అదే గేజీతో మళ్లీ కొలిచారు. మెట్ల పక్క గోడలోని ఏటవాలు పగులు 0.3 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకు పెరిగింది, కొన పెన్సిలు గీతను దాటి కిందికి పాకింది. బిల్డర్ మారుమాట్లాడకుండా మరమ్మతు చేయించాడు.

నన్ను ఎక్కువగా భయపెట్టిన పగులు, మేడమీద శ్లాబు కింద అడ్డంగా ఉన్నది, పైలింగ్‌కు సంబంధించినదే కాదు. ఎండకు శ్లాబు వ్యాకోచించడం వల్ల వచ్చిందట. అది పగలూ రాత్రీ కొద్దిగా మారుతుంది కాబట్టి, రెండుసార్లూ ఉదయం ఒకే వేళకు కొలిచారు. నేను ముందే ఫోనులో తీసిన వీడియో ఎందుకూ పనికిరాలేదు. అందులో పగులు వెడల్పు తెలియదు.