స్లైడ్లన్నీ బొమ్మలైపోయాయి: ఓసీఆర్ చేయాలా, చూసి టైప్ చేయాలా?

వెన్నెలరాత: 22 స్లైడ్ల పీపీటీ ఒకటి నా చేతికొచ్చింది. ప్రతి స్లైడూ ఒక్క బొమ్మే, ఏ అక్షరమూ సెలెక్ట్ కాదు. తెలుగు, ఇంగ్లిష్ కలిసి ఉన్నాయి, అంకెలు కూడా. ఓసీఆర్‌తో టెక్స్ట్ తీసి స్లైడ్లు మళ్లీ కట్టాలా, చూసి టైప్ చేసుకోవడమే నయమా?

చేతిపని: టైప్ చేయండి. ఓసీఆర్ ఇచ్చిన తెలుగులో వత్తులు దిద్దుకునేలోపు టైపింగే అయిపోతుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. స్క్రీన్‌షాట్ తీసి ఇస్తే సగం అక్షరాలు చెత్తగా వచ్చాయి.

పాతఫైలు: చెత్త రావడానికి ఆ స్క్రీన్‌షాటే కారణం అయి ఉంటుంది. స్క్రీన్ మీద కుంచించుకుపోయిన అక్షరాన్ని ఏ ఓసీఆరూ సరిగా చదవదు. `.pptx` నిజానికి జిప్ ఫైలే. కాపీ తీసుకుని పేరు చివర `.zip` అని మార్చి తెరవండి. `ppt/media` ఫోల్డర్‌లో అసలు బొమ్మలు ఉంటాయి. పనిలో పని, స్లైడ్ల కింద నోట్స్ కూడా చూడండి. కొన్నిసార్లు కావలసిన వాక్యాలు అక్కడే టెక్స్ట్‌గా మిగిలి ఉంటాయి.

తర్వాత అక్షరం ఎత్తు చూడాలి. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్‌కి ఇంగ్లిష్ పెద్దక్షరం 20 నుంచి 30 పిక్సెళ్లు ఉంటే హాయిగా చదువుతుంది. 1280×720 బొమ్మలో చిన్న అక్షరం 15 పిక్సెళ్లే ఉండొచ్చు, అప్పుడు రెండింతలు చేయాలి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే రంగులు తిరగేయాలి కూడా, కాకపోతే `-negate` తీసేయండి. కింద మొదటి లైను ఇమేజ్‌మ్యాజిక్‌తో బొమ్మను సిద్ధం చేస్తుంది, రెండోది చదివిస్తుంది.

```
magick image7.png -colorspace Gray -negate -resize 200% s7.png
tesseract s7.png s7 -l tel+eng --psm 6
```

`--psm 6` అంటే మొత్తం ఒకే పేరాగా చదవమని. స్లైడ్‌లో రెండు నిలువు వరుసలుంటే ఎడమ వాక్యం సగం, కుడి వాక్యం సగం ఒకే లైన్లో అతుక్కుంటాయి. అలాంటి స్లైడ్‌ను ముందే రెండు ముక్కలుగా కత్తిరించండి.

గాలిపటం: ఇంత శ్రమ ఎందుకండీ? పీడీఎఫ్ చేసి ఓసీఆర్ పొర వేస్తే సెర్చ్ పనిచేస్తుంది, కాపీ కూడా అవుతుంది.

వెన్నెలరాత: నాకు వెతకడం కాదండీ, వాక్యాలు మార్చడం కావాలి. పొర వేస్తే కింది బొమ్మ అలాగే ఉండిపోతుంది కదా.

నిద్రలేమి: అంకెల దగ్గర జాగ్రత్త. నా పట్టికలో 4.5 కాస్తా 45 అయింది. పదాలన్నీ బాగానే వచ్చాయి కాబట్టి అంకెలు చూడలేదు. మీటింగ్‌లో ఎవరో అడిగేదాకా తెలియలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి పట్టికలు మాత్రం చేత్తోనే.

పాతఫైలు: పట్టికల విషయంలో మీతో ఏకీభవిస్తాను. తెలుగులో ఇంకో చిక్కు, సున్నా అంకె, పూర్ణానుస్వారం చూడ్డానికి ఒకటే. 10% కాస్తా 1ం% అవుతుంది, కంటికి తేడా తెలియదు, ఫార్ములాలో పెడితే పనిచేయదు. దీన్ని మాత్రం కంప్యూటరే పట్టిస్తుంది:

```
grep -nE '[0-9]ం|ం[0-9]' s7.txt
```

ద, ధ, థ తారుమారైతే ఇలా దొరకవు. బొమ్మ పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

కట్టేటప్పుడు టెక్స్ట్ బాక్సులు గీయకండి. లేఅవుట్‌లో శీర్షికకూ పాయింట్లకూ ఉన్న గళ్లలోనే అతికించండి. అప్పుడే `Outline View`లో కనిపిస్తాయి, థీమ్ మారిస్తే అన్నీ కలిసి మారతాయి. ఓసీఆర్ ప్రతి లైను చివరా విరుస్తుంది కాబట్టి ఒక పాయింటు రెండు లైన్లలో ఉంటే ముందు కలపాలి, లేకపోతే రెండు బుల్లెట్లవుతాయి. అక్షరం సైజు ఊహించక్కర్లేదు. స్లైడ్ వెడల్పు 13.33 అంగుళాలు, బొమ్మ 1280 పిక్సెళ్లు అయితే ఒక పిక్సెల్ 0.75 పాయింట్లు. పెద్దక్షరం 15 పిక్సెళ్లంటే 11.25 పాయింట్లు. చాలా ఫాంట్లలో పెద్దక్షరం ఫాంట్ సైజులో సుమారు 0.7 వంతు, కాబట్టి అది 16 పాయింట్ల అక్షరం. పాత బొమ్మను వెనకాల పలచగా పెట్టి సరిపోల్చి, చివర్లో తీసేయండి.

చేతిపని: స్క్రీన్‌షాట్ విషయం ఒప్పుకుంటున్నా. కానీ చార్టులు? కడ్డీల మీద విలువలు రాసి లేకపోతే ఓసీఆర్ ఏం చదువుతుంది?

పాతఫైలు: ఏమీ చదవదు. కడ్డీల ఎత్తు కొలిచి అంచనా వేయొచ్చు. దాన్ని అంచనా అని స్లైడ్ మీదే రాయాలి.

చేతిపని: అంచనా విలువలతో కొత్త చార్టు గీస్తే చూసేవాళ్లు అసలువే అనుకుంటారు. నేనైతే దాన్ని బొమ్మగానే ఉంచుతాను.

పాతఫైలు: రంగులు, శీర్షిక మార్చాల్సి వస్తే బొమ్మతో కుదరదు. ఇక్కడ మీ మాట పూర్తిగా ఒప్పుకోలేను.

వెన్నెలరాత: ఏడో స్లైడ్ చేసి చూశాను. ఐదు పాయింట్లలో మూడు తప్పు లేకుండా వచ్చాయి. ఒకదాంట్లో "విధి" కాస్తా "విది" అయింది, ఇంకోదాంట్లో ఆ grep 2ం పట్టుకుంది. పట్టికలున్న నాలుగు స్లైడ్లు టైప్ చేస్తాను, మిగతావి ఇలాగే. చార్టు ఒకటే ఉంది, ముందు దాని అసలు అంకెలు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో అడుగుతాను.